90,000 డాలర్ల కారుకి 16,320 డాలర్ల డిప్రీసియేషనేనా? మిగతాది ఎటు పోయింది

ప్రశ్న: నేను టెక్సస్‌లో (ఫ్రిస్కో) రియల్ ఎస్టేట్ ఏజెంట్‌ని, షెడ్యూల్ సి ఫైల్ చేస్తాను. 2024 జూలైలో కొత్త సెడాన్ కొన్నాను, ట్యాక్సు, టైటిలు అన్నీ కలిపి 90,000 డాలర్లు. ఆర్నెల్లలో 10,000 మైళ్లు తిరిగితే 8,000 బిజినెస్‌వే, లాగ్ ఉంది. మా సీపీఏ పంపిన డ్రాఫ్టులో డిప్రీసియేషన్ 16,320 మాత్రమే ఉంది. మిగతాది "లగ్జరీ ఆటో లిమిట్"లో డిస్‌అలవ్ అయిందన్నాడు. ఎంత డిస్‌అలవ్ అయింది? అది వచ్చే ఏడాదికి క్యారీ అవుతుందా, లేక పోయినట్టేనా? ఆ ఏడాది కారు కాకుండా రెండు లాప్‌టాప్‌లు కొన్నాను, అంతే. ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నాం, 2025 అక్టోబర్ 15 లోపు ఫైల్ చేయాలి.

జవాబు:

డిస్‌అలవ్ అయింది 32,640 డాలర్లు. పోలేదు, కానీ వచ్చే ఏడాది రాదు. మీరు అనుకునే పద్ధతిలో క్యారీ కూడా అవదు. 2030 నుంచి కొంచెం కొంచెంగా వస్తుంది. మీ సీపీఏ లెక్కలో తప్పులేదు. అయితే ఆయన మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటి అడిగినట్టు లేదు. దాని విలువ అక్టోబర్ 15 వరకే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు 16,320 ఎలా వచ్చిందో చూడండి. కారు ధర 90,000, బిజినెస్ వాడకం 80 శాతం. కాబట్టి డిప్రీసియేషన్‌కి లెక్కలోకి వచ్చే బేసిస్ 72,000. 2024లో వాడకంలోకి వచ్చిన ఆస్తికి, మొదటి ఏడాదే అదనంగా రాసుకోనిచ్చే బోనస్ డిప్రీసియేషన్ 60 శాతం ఉంది, అంటే 43,200. మిగిలిన 28,800 మీద మామూలు ఐదేళ్ల టేబుల్ ప్రకారం మొదటి ఏడు 20 శాతం, అంటే 5,760. రెండూ కలిపితే 48,960. మీ సీపీఏ చెప్పిన లగ్జరీ ఆటో లిమిట్, అంటే క్యాప్ అనేది లేకపోతే మీకు ఇంత వచ్చేది.

క్యాప్ సెక్షన్ 280ఎఫ్‌లో ఉంది. 2024లో వాడకంలోకి తెచ్చిన కారుకి మొదటి ఏడాది బోనస్‌తో కలిపి 20,400, రెండో ఏడాది 19,800, మూడో ఏడాది 11,900, ఆ తర్వాత ఏటా 7,160. ఈ అంకెలు కారుని 100 శాతం బిజినెస్‌కి వాడేవాళ్లకి. మీది 80 శాతం కాబట్టి క్యాప్‌ని కూడా 80 శాతానికి తగ్గించాలి: 20,400లో 80 శాతం 16,320. చాలామంది ఇక్కడే తప్పుతారు. బేసిస్‌ని తగ్గించి, క్యాప్‌ని మాత్రం పూర్తిగా 20,400 వాడేస్తారు. మీ డ్రాఫ్టులో 16,320 కనిపిస్తోంది కాబట్టి ఆ తప్పు జరగలేదు. రావాల్సిన 48,960లోంచి వచ్చిన 16,320 తీసేస్తే 32,640. అదీ మీ డిస్‌అలవ్ అయిన భాగం.

ఇంకో మాట, ఈ క్యాప్ డిప్రీసియేషన్‌కి మాత్రమే. గ్యాసు, ఇన్సూరెన్సు, రిపేర్లు, కారు లోను వడ్డీ వీటిలో 80 శాతం దానికి బయట మామూలుగానే వస్తాయి. డ్రాఫ్టులో అవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక "లగ్జరీ" అన్న మాట. చట్టంలో ఫలానా ధర దాటితే లగ్జరీ అని ఎక్కడా ఉండదు. కానీ బోనస్ లేకుండా ఉండే మొదటి ఏడాది క్యాప్ 12,400ని టేబుల్‌లోని 20 శాతంతో భాగించండి, 62,000 వస్తుంది. రెండో ఏడాది 19,800ని 32 శాతంతో, మూడో ఏడాది 11,900ని 19.2 శాతంతో, తర్వాతి 7,160ని 11.52 శాతంతో భాగించినా ఇంచుమించు అదే 62,000. అంటే నాలుగు క్యాపులూ ఒకే కారుని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. 2018లో ఇవే 10,000, 16,000, 9,600, 5,760గా ఉండేవి, అప్పటి గీత సరిగ్గా 50,000. తర్వాత ధరల సూచీతో పాటు పెరుగుతూ వచ్చాయి. కాబట్టి 2024లో 62,000 లోపు కారు కొన్నవాళ్లు, బోనస్ తీసుకోకపోతే, ఈ క్యాప్ ఊసే తెలియకుండా గడిపేయొచ్చు. మీది ఆ గీతకి 28,000 పైన ఉంది.

ఇప్పుడు అసలు విషయం. 32,640ని వచ్చే ఏడాది డిప్రీసియేషన్‌కి కలుపుకోవచ్చు అనుకుంటున్నారు కదా. నా దగ్గరకి కొత్తగా వచ్చే క్లయింట్ల పాత రిటర్నులలో నేను ఎక్కువగా దిద్దే తప్పు ఇదే. ఒకాయన రిటర్నులో అంతకుముందు చేసినవాళ్లు మొదటి ఏడాది డిస్‌అలవ్ అయినది రెండో ఏడాది లైనులో "క్యారీఓవర్" అని కలిపేశారు, అదీ క్యాప్ నిండే దాకా. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ చట్టంలో అలాంటి క్యారీఓవర్ లేదు. రెండో ఏడాది డిప్రీసియేషన్ అంటే టేబుల్ ఇచ్చేది, లేదా క్యాప్, ఏది తక్కువైతే అది. డిస్‌అలవ్ అయినది ఐదేళ్ల రికవరీ పీరియడ్ ముగిసేదాకా అలా పక్కన కూర్చుంటుంది. మొదటి ఏడాదిని సగం ఏడాదిగానే లెక్కించే హాఫ్-ఇయర్ కన్వెన్షన్ వల్ల ఆ ఐదేళ్లు ఆరు క్యాలెండర్ ఏళ్లలో పరుచుకుంటాయి, మీకు 2024 నుంచి 2029 వరకు. ఆ తర్వాత 2030 నుంచి, ఏడాదికి 7,160లో మీ బిజినెస్ శాతం చొప్పున, అయిపోయేదాకా తీసుకోవచ్చు. అదీ మీరు కారుని ఇంకా బిజినెస్‌కి వాడుతూ ఉంటేనే.

మరి రెండో ఏడాది టేబుల్ ఎంత ఇస్తుంది? బోనస్ తీసుకున్నారు కాబట్టి టేబుల్‌కి మిగిలింది 28,800 మాత్రమే. బోనస్‌లో ఎక్కువ భాగం క్యాప్‌కి తగిలి ఆగిపోయినా సరే, బేసిస్‌లోంచి మాత్రం 43,200 మొత్తం తీసేసే టేబుల్ లెక్క వేయాలి. 28,800లో 32 శాతం 9,216. ఆ ఏడాది మీ క్యాప్ ఎంత? 19,800లో 80 శాతం, 15,840. అంటే 6,600 పైచిలుకు క్యాప్ ఖాళీగా ఉండిపోయింది. ఒకవైపు 32,640 డిస్‌అలవ్ అయి కూర్చుంది, ఇంకోవైపు క్యాప్‌లో చోటు ఉంది, కానీ దాన్ని ఇందులో వేయడానికి దారిలేదు. మూడో ఏడాదీ ఇంతే, నాలుగో ఏడాదీ ఇంతే. మొదటి ఏడాది 20,400 అన్న పెద్ద అంకె చూసి సంబరపడితే, తర్వాతి ఐదేళ్లు దాని బాకీ తీర్చాల్సి వస్తుంది.

మీ సీపీఏ అడగాల్సిన ప్రశ్న అదే: "బోనస్ వద్దంటారా?"

బోనస్ మీరు అడిగితే వచ్చేది కాదు, వద్దనకపోతే దానంతట అదే పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే పెడుతుంది. వద్దనుకుంటే సెక్షన్ 168(కె)(7) కింద రిటర్నుతో ఒక స్టేట్‌మెంట్ జతచేయాలి. అప్పుడు మొదటి ఏడాది క్యాప్ 12,400కి తగ్గుతుంది, మీకు 9,920. కానీ టేబుల్ మొత్తం 72,000 మీద నడుస్తుంది. మొదటి ఏడాది టేబుల్ 14,400 ఇస్తుంది, క్యాప్ 9,920 దగ్గర ఆపుతుంది, 4,480 డిస్‌అలవ్. రెండో ఏడాది టేబుల్ 23,040, క్యాప్ 15,840. ఈసారి క్యాప్ నిండా నిండింది. రెండు దారులూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది (మీ 80 శాతం అలాగే ఉంటుందనుకుని, డాలర్లలో):

| ఏడాది | బోనస్‌తో | బోనస్ వద్దంటే |
|---|---|---|
| 2024 | 16,320 | 9,920 |
| 2025 | 9,216 | 15,840 |
| 2026 | 5,530 | 9,520 |
| 2027 | 3,318 | 5,728 |
| 2028 | 3,318 | 5,728 |
| 2029 | 1,659 | 4,147 |
| ఆరేళ్ల మొత్తం | 39,360 | 50,883 |
| 2030 నాటికి మిగిలేది | 32,640 | 21,117 |

(పైసల దగ్గర సర్దుబాటు వల్ల కూడితే ఒక డాలరు అటూఇటూ రావచ్చు.)

2024, 2025 రెండేళ్లూ కూడండి. బోనస్‌తో 25,536, లేకుండా 25,760. అంటే మొదటి ఏడాది మీకు ఎక్కువ వచ్చిన 6,400 రెండో ఏడాదే తిరిగి ఇచ్చేశారు. అక్కడి నుంచి ప్రతి ఏడాదీ నష్టమే. మీరు 24 శాతం బ్రాకెట్‌లో ఉన్నారనుకుందాం. బోనస్ వల్ల ఈ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్సులో మిగిలేది 1,536 డాలర్లు, వచ్చే ఏడాది అదనంగా కట్టేది 1,590. సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సు కూడా ఇదే దిశలో కదులుతుంది. 2029 చివరికి తేడా 11,500 దాటుతుంది. ఆ తర్వాత బోనస్ దారిలో 32,640ని ఏటా 5,728 చొప్పున లాగితే 2035 దాకా పడుతుంది. బోనస్ వద్దన్న దారిలో 21,117 అయితే 2033కి అయిపోతుంది. పదకొండేళ్ల తర్వాత కూడా ఇదే సెడాన్‌లో ఇళ్లు చూపిస్తూ తిరుగుతారా అన్నది మీరే ఆలోచించుకోండి.

అందుకని నేనైతే మీ పరిస్థితిలో బోనస్ వద్దంటాను. ఒక్క సందర్భంలో మాత్రం మాట మారుస్తాను. 2024లో మీకు ఏదో పెద్ద డీల్ తగిలి ఆదాయం ఎప్పుడూ లేనంత వచ్చి, 2025లో మార్కెట్ పడుకుందనుకోండి. అప్పుడు 35 శాతం దగ్గర 6,400 తీసుకుని 22 శాతం దగ్గర వదులుకోవడం లాభమే.

వద్దనే ముందు ఒకటి చూడాలి. ఈ ఎలక్షన్, అంటే బోనస్ వద్దని రాసిచ్చే ఎంపిక, కారు ఒక్కదానికే పెట్టడం కుదరదు. ఆ ఏడాది వాడకంలోకి తెచ్చిన ఐదేళ్ల తరగతి ఆస్తులన్నిటికీ కలిపి వర్తిస్తుంది. మీ లాప్‌టాప్‌లూ ఐదేళ్ల తరగతే. వాటికి బోనస్ పోతుంది. కానీ వాటిని సెక్షన్ 179 కింద మొదటి ఏడాదే మొత్తం రాసేసుకోవచ్చు, కాబట్టి మీకు నష్టం లేదు. ఇదే ప్రశ్న లక్ష డాలర్ల డెంటల్ పరికరాలు కొన్న వ్యక్తి అడిగితే ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ని కాదు.

గడువు కూడా అందుకే ముఖ్యం. ఎక్స్‌టెన్షన్‌తో కలిపి రిటర్ను గడువులోపు ఫైల్ చేసే రిటర్నులోనే ఈ ఎలక్షన్ ఉండాలి. ఆ గడువు దాటాక మనసు మార్చుకుంటే, మామూలుగా దారి ఉండదు.

మీరు అడగలేదు కానీ, ఇంకా ఫైల్ చేయలేదు కాబట్టి స్టాండర్డ్ మైలేజీ దారి కూడా ఇప్పటికైతే తెరిచే ఉంది. 2024కి మైలుకి 67 సెంట్లు, మీ 8,000 మైళ్లకి 5,360. డిప్రీసియేషన్, గ్యాసు, ఇన్సూరెన్సు అన్నీ అందులోనే. అసలు ఖర్చుల పద్ధతిలో డిప్రీసియేషన్ ఒక్కటే 9,920 వస్తోంది కాబట్టి ఈ కారుకి మైలేజీ పద్ధతి గిట్టదు. ఒక్కసారి ఈ టేబుల్ డిప్రీసియేషన్ మొదలుపెట్టాక ఈ కారుకి మళ్లీ మైలేజీకి మారడం కుదరదని మాత్రం గుర్తుంచుకోండి.

అమ్మితే ఏమవుతుంది అన్నది మీ "పోయినట్టేనా" అన్న మాటకి అసలు జవాబు. డిస్‌అలవ్ అయిన మొత్తం కారు బేసిస్‌లో ఉండిపోతుంది. 2029 డిసెంబర్‌లో కారుని 30,000కి అమ్మారనుకుందాం. అందులో బిజినెస్ వాటా 24,000. బోనస్ వద్దన్న దారిలో బేసిస్ సుమారు 21,117, కాబట్టి 2,883 లాభం, దాన్ని మామూలు ఆదాయంగా చూపాలి. బోనస్ దారిలో బేసిస్ 32,640, కాబట్టి 8,640 నష్టం. మొదటి దారిలో 50,883 లోంచి 2,883 తీసేయండి, రెండో దారిలో 39,360కి 8,640 కలపండి, రెండూ 48,000. అంటే మీరు బిజినెస్ వాటాకి పెట్టిన 72,000లోంచి అమ్మగా వచ్చిన 24,000 పోగా మిగిలింది. ఏ దారిలో వెళ్లినా చివరి మొత్తం ఒక్కటే, ఎప్పుడు చేతికొస్తుందన్నదే తేడా. మిగతా 20 శాతం సొంత వాడకం మీద వచ్చిన నష్టం మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఈ అంకెలన్నీ మీ 80 శాతం మీద నిలబడ్డాయి. ప్రతి ఏడాదీ బేసిస్‌ని, క్యాప్‌ని ఆ ఏడాది వాడకం శాతంతో మళ్లీ లెక్కవేయాలి. 2026లో 70కి పడితే అంకెలు కొంచెం తగ్గుతాయి, అంతే. 50కి గానీ అంతకంటే కిందకి గానీ పడితే మాత్రం కథ వేరు. అప్పటిదాకా ఏటా సమానంగా రాసే స్ట్రెయిట్-లైన్ పద్ధతిలో వచ్చేదానికంటే ఎంత ఎక్కువ తీసుకున్నారో అది ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. అందుకే లాగ్ ఆపేయకండి. ఓడోమీటర్ ఫొటో ఒకటి ప్రతి జనవరి 1న తీసి పెట్టుకోమని మా క్లయింట్లకి చెబుతుంటాను. సంవత్సరం మొత్తం మైళ్లు తెలియకపోతే బిజినెస్ మైళ్లు ఎంత శ్రద్ధగా రాసినా శాతం తేలదు.

మీ స్నేహితుల్లో ఎవరో పెద్ద ఎస్‌యూవీ కొని మొదటి ఏడాదే బోలెడు రాసేసుకున్నామని చెప్పే ఉంటారు. అది అబద్ధం కాదు. ఈ క్యాప్ 6,000 పౌండ్ల లోపు బండ్లకే. ఎస్‌యూవీలకి చూడాల్సింది డ్రైవర్ తలుపు తెరిస్తే డోర్ ఫ్రేమ్ మీద ఉండే స్టిక్కర్‌లో `GVWR`, అంటే లోడుతో కలిపి బండి గరిష్ఠ బరువు, పక్కనున్న అంకె. 6,000 దాటితే 280ఎఫ్ క్యాప్ దానికి లేదు. 2024లో అలాంటి ఎస్‌యూవీకి సెక్షన్ 179 మాత్రం 30,500 దగ్గర ఆగుతుంది, మిగతా దానికి బోనస్, టేబుల్ మామూలే. మీ సెడాన్‌కి ఆ దారి లేదు. వచ్చేసారి కొనేటప్పుడు షోరూంలో తలుపు తీసి చూడండి. లీజుకి తీసుకుంటే క్యాప్ తప్పించుకోవచ్చని సేల్స్‌మన్ చెబుతాడు. ఖరీదైన కారు లీజు మీద ఏటా కొంత మొత్తాన్ని తగ్గించుకోవాలని ఐఆర్‌ఎస్ టేబుల్ వేరే ఉంది, ఆ సంగతి వాళ్లకి తెలియదు.

ఇప్పుడు మీ సీపీఏకి మెయిల్‌లో రెండే మాటలు రాయండి: ఐదేళ్ల తరగతికి బోనస్ వద్దని ఎలక్షన్ పెట్టి డ్రాఫ్ట్ మళ్లీ పంపమని, లాప్‌టాప్‌లు సెక్షన్ 179లో వేయమని. కొత్త డ్రాఫ్టు రాగానే ఫారం 4562 రెండో పేజీ, పార్ట్ 5 తెరవండి. లైన్ 25 ఖాళీగా ఉండాలి. లైన్ 26లో కారు పక్కన 80 శాతం, 90,000, 72,000 వరసగా ఉండి, కాలమ్ `(h)`లో 9,920 కనిపించాలి. అక్కడ 12,400 కనిపిస్తే క్యాప్‌ని 80 శాతానికి తగ్గించలేదని అర్థం. 14,400 కనిపిస్తే క్యాపే పెట్టలేదని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో ఆస్తి రకం "ఆటో" అని కాకుండా మామూలు పరికరంగా ఎంచుకుంటే అలా వస్తుంది.